"కుర్రాడు కావలెను" అన్న యాడ్‌ని దిద్ది సార్‌కి తిరిగి ఇవ్వడం ఎలా?

ప్రశ్న: అక్కా నమస్తే. నేను విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో చేస్తున్నా, మొత్తం ముప్పై ఎనిమిది మందిమి. హెచ్ఆర్ అని పేరే గానీ అటెండెన్స్, జీతాలు, టీ డబ్బుల లెక్క అన్నీ నేనే. మా సార్ ఒక యాడ్ రాసిచ్చి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టమన్నారు. చదివితే నాకే అప్లై చేయబుద్ధి కాలేదు. తేడాగా ఉన్న మాటలు మార్క్ చేసి, వాటి బదులు ఏం రాయాలో పక్కన రాసి ఇద్దామనుకుంటున్నా. ఏవి మార్క్ చేయాలి, సార్‌కి కోపం రాకుండా ఎలా ఇవ్వాలి? యాడ్ ఇదీ:

"అకౌంట్స్ కమ్ బిల్లింగ్ కుర్రాడు కావలెను. వయసు 21-27. పెళ్ళి కానివారికి ప్రాధాన్యత. ఫిజికల్‌గా ఫిట్‌గా, చూడ్డానికి నీట్‌గా, మంచి ఫ్యామిలీ నుంచి వచ్చినవాడై ఉండాలి. యాస లేని చక్కటి తెలుగు, ఫ్లూయెంట్ ఇంగ్లీష్ తప్పనిసరి. టాలీ, జీఎస్టీ తెలియాలి. సొంత బైక్ ఉండాలి. టైమ్ చూసుకోకుండా పని చేయాలి. గ్యాప్ ఉన్నవారు అప్లై చేయొద్దు. లోకల్ వారికే. జీతం ప్రతిభను బట్టి. ఫోటో, పూర్తి బయోడేటా పంపగలరు."

జవాబు:

చెల్లీ, ముందు ఆ యాడ్ పక్కన పెట్టు. ఇప్పుడే ఎర్ర పెన్ను పట్టుకుంటే మాటలతో కుస్తీ పడతావు, "కుర్రాడు బదులు యువకుడు అందామా" లాంటి చోట ఆగిపోతావు. వేరే కాగితం తీసుకుని ఆ సీట్లో కూర్చునే మనిషి పొద్దున వచ్చిన దగ్గర్నుంచి సాయంత్రం తాళం వేసేదాకా ఏం చేస్తారో గంట గంటకీ రాయి. ఇంతకుముందు ఆ పని చేసినాయన ఉంటే ఫోన్ చేసి అడుగు, లేకపోతే పక్క సీటు వాళ్ళని అడుగు.

నేను చూసిన మందుల ఏజెన్సీల్లో ఆ సీటు పని ఇలా ఉంటుంది. పొద్దున్నే షాపుల నుంచి ఆర్డర్లు ఫోన్లో, వాట్సాప్‌లో వస్తాయి, వాటిని చూసి బిల్లు కొట్టాలి, బ్యాచ్ నంబరూ ఎక్స్‌పైరీ తేదీ తప్పు పడకుండా ఎక్కించాలి, డేట్ అయిపోయి తిరిగొచ్చిన మందులకి క్రెడిట్ నోట్ వేయాలి, మధ్యాహ్నం బాకీ ఉన్న షాపులకి ఫోన్లు చేయాలి, సాయంత్రం క్యాష్ లెక్క కట్టాలి, నెలకోసారి జీఎస్టీ, ఎప్పుడైనా స్టాక్ లెక్క. మీ దగ్గర కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, నువ్వే సరిచూసుకో.

ఇప్పుడు యాడ్ తీసి ఒక్కో మాట దగ్గరా ఒకటే అడుగు: ఈ కాగితం మీద రాసిన పనుల్లో ఇది ఎక్కడ పనికొస్తుంది? పనికొస్తే ఉంచు. రాకపోతే అండర్‌లైన్ కొట్టు. కొన్ని మాటల వెనక నిజమైన అవసరమే ఉంటుంది గానీ మాట తప్పుగా పడి ఉంటుంది, వాటి పక్కన ప్రశ్న గుర్తు పెట్టు. అసలు శ్రమ ఆ ప్రశ్న గుర్తుల దగ్గరే.

"కుర్రాడు" నీకు చెప్పక్కర్లేదు. కానీ చాలామంది కుర్రాడు తీసేసి అభ్యర్థి అని పెట్టి అయిపోయిందనుకుంటారు, కింద "వచ్చినవాడై ఉండాలి" అలాగే ఉంటుంది. ఇంగ్లీషు యాడ్ చూసేవాళ్ళు మాటల లిస్టు పెట్టుకుని వెతుక్కోవచ్చు, తెలుగులో సగం తేడా మాట చివర్న దాక్కుంటుంది, తెలిసినవాడు, చేయగలిగినవాడు, అనుభవజ్ఞుడు, నమ్మకస్తుడు, అన్నీ డు తోనే. అందుకే తెలుగు యాడ్ చూసేటప్పుడు ప్రతి వాక్యం చివరా, ప్రతి విశేషణం చివరా డు ఉందా అని వేలు పెట్టి చదవాలి. మార్చడం మాత్రం తేలిక, మన భాషలోనే "వారు", "వాళ్ళు" ఉన్నాయి, అవి మగా ఆడా ఇద్దరికీ సరిపోతాయి, పైగా మర్యాదగా కూడా ఉంటాయి. టాలీ తెలిసినవారు కావలెను, అయిపోయింది. ట్రాన్స్‌జెండర్ మనిషి చదివినా ఆ వాక్యంలో తనకి చోటు ఉంటుంది. ఆఫీస్ బాయ్, సేల్స్ బాయ్, లైన్‌మేన్ లాంటి పేర్లు ఇంకో రకం, అవి పోస్టు పేర్లుగానే పాతుకుపోయాయి, వాటిని ఆఫీస్ అసిస్టెంట్, సేల్స్ స్టాఫ్ అనేస్తే సరి. ఇంకోటి, రేపు మీ సార్ రిసెప్షన్‌కి "అమ్మాయి కావలెను" అని రాసిస్తే అది కూడా ఇదే లెక్క, నవ్వేసి వదిలేయకు.

ఇక్కడ చట్టం కూడా ఉంది. ఒకే రకం పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఆడా మగా తేడా చూపకూడదని 1976 సమాన వేతన చట్టంలోనే ఉంది, ఇప్పుడు దాని స్థానంలో వేతనాల కోడ్ 2019 వచ్చింది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి 2019లో విడిగా చట్టం వచ్చింది, ఉద్యోగంలో తీసుకునే దగ్గర కూడా వివక్ష కూడదంటుంది. ఇవి నీకు తెలిసి ఉండటం మంచిది. సార్ దగ్గర మొదటి వాక్యంగా మాత్రం వాడకు, ఎందుకో తర్వాత చెప్తా.

"వయసు 21-27, పెళ్ళి కానివారికి ప్రాధాన్యత" ఈ రెండూ ఒకే భయం లోంచి వచ్చాయి. మీ సార్ వయసు మీద ప్రేమతో అది రాయలేదు, లోపల ఏదో లెక్క ఉంది. పెళ్ళయినవాళ్ళు సెలవులు ఎక్కువ పెడతారు, పెద్దవాళ్ళు చెప్పిన మాట వినరు, జీతం ఎక్కువ అడుగుతారు, ఇవే కదా ఎక్కడైనా. ప్రైవేటు ఉద్యోగాల్లో వయసు మీద అడ్డంగా నిషేధం పెట్టే చట్టం మనకి లేదు, కాబట్టి ఇక్కడ చట్టం చూపించలేవు, పని చూపించాలి. "సార్, ఇరవై ఏడు దాటితే మనకి వచ్చే ఇబ్బంది ఏంటి" అని మామూలుగా అడుగు. జీతం అంటే జీతం ఎంతో యాడ్‌లో రాసేయమను, ఎక్కువ కావాల్సినవాళ్ళు వాళ్ళే రారు. "ప్రతిభను బట్టి" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలీదు, బేరం ఆడే ధైర్యం ఉన్నవాళ్ళే ఫోన్ చేస్తారు. సెలవుల భయం అంటే ఏ రోజుల్లో మనిషి తప్పకుండా కావాలో ఆ రోజులు రాయమను. అనుభవం సంగతి అంటే "ఏడాది నుంచి ఐదేళ్ళ బిల్లింగ్ అనుభవం" అని ఉండాలి గానీ పుట్టిన సంవత్సరం కాదు. నలభై రెండేళ్ళ ఆవిడ పిల్లలు పెద్దయ్యాక టాలీ కోర్సు చేసి ఏడాది ఎక్కడో చేసి ఉండొచ్చు, ఆవిడకి అనుభవం ఏడాదే, జీతం కూడా దానికి తగ్గట్టే అడుగుతుంది, మీ యాడ్ ఆవిడని గుమ్మంలోనే ఆపేసింది.

"గ్యాప్ ఉన్నవారు అప్లై చేయొద్దు" కూడా ఆవిడకే తగులుతుంది. కాన్పుకి మానేసినవాళ్ళు, అత్తగారికి పక్షవాతం వస్తే రెండేళ్ళు ఇంట్లో ఉండిపోయినవాళ్ళు, కోవిడ్‌లో ఉద్యోగం పోయినవాళ్ళు. గ్యాప్ గురించి మీ సార్‌కి ఉన్న అనుమానం పని మర్చిపోయి ఉంటారేమో అనే కదా, అయితే ఇంటర్వ్యూ రోజు అరగంట కూర్చోబెట్టి పది బిల్లులు కొట్టించండి, తెలిసిపోతుంది. యాడ్‌లో "ఎంపికకి ముందు టాలీలో చిన్న ప్రాక్టికల్ టెస్ట్ ఉంటుంది" అని రాస్తే చాలు.

ఇక "యాస లేని చక్కటి తెలుగు". దీని దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగుతా, ఏమీ అనుకోకు, నాకు సొంత బాధ ఉంది. మాది శ్రీకాకుళం వైపు. మొదటి ఇంటర్వ్యూలో "ఏటండీ" అన్నాను, ఎదురుగా ఉన్నాయన నవ్వి పక్కాయన్ని చూశాడు, ఆ తర్వాత అడిగినవాటికి తెలిసినా సగం సగం చెప్పి వచ్చేశా. యాస లేని తెలుగు అంటే ఏ తెలుగు చెప్పు? కృష్ణా గుంటూరు మాట కూడా యాసే, సినిమాల్లో హీరో మాట్లాడాడు కాబట్టి అది మనకి యాసలా వినపడదు అంతే. ఆ ఒక్క ముక్కతో పాలమూరు వాళ్ళు, కడప వాళ్ళు, మా ఉత్తరాంధ్ర వాళ్ళు మనది కాదులే అనుకుని పక్కకి జరుగుతారు. బోర్డర్ జిల్లాల్లో ఇంట్లో ఒడియానో కన్నడమో ఉర్దూనో మాట్లాడేవాళ్ళు అసలు చదవడమే ఆపేస్తారు.

కానీ అవసరం అసలు లేదా అంటే ఉంది. ఇది ప్రశ్న గుర్తు పెట్టే రకం. మధ్యాహ్నం బాకీల ఫోన్లు చేసేది ఈ మనిషే కదా, షాపు ఓనర్ అటు నుంచి ఏదో చిరాగ్గా అంటే అర్థం చేసుకుని మర్యాదగా డబ్బు అడగాలి, ఆర్డర్ చెప్తుంటే మందు పేరు సరిగ్గా వినాలి, ఒక అక్షరం తేడాలో వేరే మందు అయిపోతుంది. కాబట్టి "షాపుల వాళ్ళతో ఫోన్లో తెలుగులో స్పష్టంగా మాట్లాడగలగాలి" అని రాయి. స్పష్టంగా అనేది పని, యాస లేకుండా అనేది ఊరు. ఇంగ్లీషు సంగతీ ఇంతే. ఫ్లూయెంట్ ఇంగ్లీషు ఎవరితో మాట్లాడతారు మీ గోడౌన్లో? మందుల పేర్లు, కంపెనీల మెయిళ్ళు, పోర్టల్లో వచ్చే నోటీసులు చదివి అర్థం చేసుకోవాలి, అంతే కదా. అయితే "ఇంగ్లీషులో బిల్లులు, మెయిళ్ళు చదివి అర్థం చేసుకోగలగాలి" అని రాయి. ఈ ఒక్క మార్పుతో తెలుగు మీడియంలో బీకామ్ చేసినవాళ్ళు వెనక్కి వస్తారు. లెక్కల్లో గట్టిగా ఉండి ఇంగ్లీషు మాట్లాడాలంటే చెమటలు పట్టేవాళ్ళని నేను చాలామందిని చూశా.

"మంచి ఫ్యామిలీ నుంచి" అంటే ఏంటో నీకూ తెలుసు నాకూ తెలుసు. రాసినాయన మాత్రం "అంటే దొంగతనాలు గట్రా లేకుండా అమ్మా" అంటాడు. సరే, క్యాష్ ముట్టుకునే సీటు కాబట్టి నమ్మకం కావాలి, దానికి "పాత ఉద్యోగం నుంచి ఒక రిఫరెన్స్ ఇవ్వాలి, కొత్తవాళ్ళయితే చదువుకున్న కాలేజీ నుంచి" అని రాస్తే ఆ అవసరం తీరుతుంది, కులం వాసన పోతుంది. "పూర్తి బయోడేటా" కూడా ఈ బాపతే, మన దగ్గర ఆ మాట వింటే జనం పెళ్ళి బయోడేటా నింపినట్టు తండ్రి పేరు, కులం, మతం, గోత్రం ఒక్కటీ వదలకుండా అన్నీ నింపి పంపుతారు. ఏమేం కావాలో నువ్వే చెప్పు, పేరు, ఫోన్, చదువు, అనుభవం. "ఫోటో వద్దు" అని కూడా రాసేయ్. "చూడ్డానికి నీట్‌గా" కొట్టేయ్, దానికి బదులు ఏమీ వద్దు, కౌంటర్‌లో కూర్చునే పని కూడా కాదు. అన్నిటికీ న్యూట్రల్ మాట వెతకక్కర్లేదు చెల్లీ, కొన్ని తీసేయడమే మందు.

"ఫిజికల్‌గా ఫిట్" దగ్గరికి వద్దాం. నువ్వు రాసుకున్న కాగితం చూడు, రోజంతా కుర్చీలో పని. అట్టపెట్టెలు మోసేది గోడౌన్ వాళ్ళు. స్టాక్ లెక్క రోజు మెట్లెక్కి గోడౌన్లోకి వెళ్ళాలేమో, అది నెలకోసారో మూణ్ణెల్లకోసారో. మరి పోలియో కాలు ఉన్న మనిషి ఈ ఉద్యోగం ఎందుకు చేయలేరు? "ఫిట్" తీసేసి అక్కడ నిజం రాయి, "కూర్చుని చేసే పని, ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు" అని. లిఫ్ట్ లేదని రాస్తే వాళ్ళని ఆపినట్టు కాదా అని నీకు అనిపించొచ్చు. కాదు, మెట్లెక్కగలరో లేదో వాళ్ళకి తెలుసు, కింద ఒక టేబుల్ వేస్తారా అని అడిగే వీలు వాళ్ళకి దొరుకుతుంది, బిల్లింగ్ సిస్టమ్ కిందకి దించడం పెద్ద పనేం కాదు కూడా. "వికలాంగులు అప్లై చేయొచ్చు, ఏదైనా సౌకర్యం కావాలంటే ముందే చెప్పండి" అని ఒక లైన్ చేర్చు. ఇక్కడ నీకు ఇంకో పని కూడా ఉంది, వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రైవేటు సంస్థకి కూడా సమాన అవకాశాల పాలసీ ఉండాలి, ఇరవై మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట అందులో వాళ్ళకి అనువైన పోస్టులేవో కూడా రాయాలి. మీరు ముప్పై ఎనిమిది మంది. ఆ పాలసీ మీ ఆఫీసులో ఎక్కడుందో అడిగి చూడు, నాకు తెలిసి నిన్నే రాయమంటారు.

"సొంత బైక్". ఎందుకు సార్ అని అడిగితే బ్యాంకుకి వెళ్ళాలమ్మా అంటారు. వారానికి ఎన్నిసార్లు? రెండుసార్లు. బ్యాంకు ఎంత దూరం? సందు చివర. ఇది నేను కల్పించట్లేదు, ఇలాంటి సంభాషణ నాకు ఒక చోట అచ్చంగా జరిగింది. నిజంగానే ఊరంతా తిరిగి కలెక్షన్ చేయాల్సిన పనైతే "రోజుకి ఇన్ని షాపులకి వెళ్ళాలి, పెట్రోల్ లేదా ఆటో ఖర్చు ఇస్తాం" అని రాయాలి, ఎలా వెళ్తారో వాళ్ళ ఇష్టం. బైక్ అనే మాట డబ్బు లేని ఇంటివాళ్ళని ఆపుతుంది, బండి రాని ఆడవాళ్ళని ఆపుతుంది, ఒక చేయి సరిగా లేనివాళ్ళని ఆపుతుంది, ముగ్గురికీ ఒకే దెబ్బ. "లోకల్ వారికే" కూడా అంతే, తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చి పదేళ్ళు ఒక్క రోజు లేట్ కాని మనుషులు ఉంటారు. "ఉదయం తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఉండాలి" అని రాయి, ఎక్కడినుంచి వస్తారో మనకెందుకు.

ఇప్పుడు "టైమ్ చూసుకోకుండా పని చేయాలి". ఇది నువ్వు కొట్టేసి ఉంటావు. కొట్టేయకు. ఇక్కడే దిద్దేవాళ్ళు ఎక్కువ తప్పు చేస్తారు, మంచి ఉద్దేశంతోనే. ఆ మాట చూసి చిన్న పిల్లలున్న తల్లి వెనక్కి తగ్గుతుంది నిజమే, కానీ దాన్ని తీసేస్తే ఉద్యోగంలో చేరిన మొదటి నెల పదో తారీఖున రాత్రి ఎనిమిదికి కూడా ఆఫీసులో కూర్చుని ఏడుస్తుంది. పని ఉన్నది ఉన్నట్టే ఉంది, నువ్వు దాచావంతే. ఈ సీటుకి ఆలస్యం ఎప్పుడవుతుందో తేదీలతో సహా చెప్పొచ్చు: నెలనెలా ఫైల్ చేసే వ్యాపారాలకి జీఎస్టీఆర్-1 మరుసటి నెల 11వ తేదీ లోపు, జీఎస్టీఆర్-3బి 20వ తేదీ లోపు వేయాలి. అంటే నెలలో ఓ ఐదారు రోజులు. కాబట్టి "పని వేళలు 9.30 నుంచి 6.30. ప్రతి నెలా 9, 10, 11 తేదీల్లోనూ 18, 19, 20 తేదీల్లోనూ సాయంత్రం 8 దాకా పని ఉండొచ్చు, ఆ రోజుల్లో ఇంటికి వెళ్ళడానికి ఆటో ఖర్చు ఇస్తాం" అని రాస్తే చదివినావిడ ఆ ఆరు రోజులు పిల్లల్ని అమ్మ దగ్గర వదలగలనా లేదా అని లెక్క వేసుకుంటుంది. ఆటో ఖర్చు ఇవ్వడానికి సార్ ఒప్పుకోకపోతే ఆ ముక్క తీసెయ్, ఇవ్వనిది రాయకు.

ముట్టుకోకూడనివి కూడా ఉన్నాయి. టాలీ, జీఎస్టీ తెలియాలి అన్నది అలాగే ఉంచు. అది పని. అది కూడా కొంతమందిని ఆపుతుంది కదా అని మెత్తబరచొద్దు. 2011లో గౌచర్, ఫ్రీసెన్, కే అనే ముగ్గురు పరిశోధకులు ఉద్యోగ ప్రకటనల మీద ఒక పేపర్ వేశారు, పోటీతత్వం, నాయకత్వం, ఆధిపత్యం లాంటి మగతనం ధ్వనించే ఇంగ్లీషు మాటలు నింపిన యాడ్స్ ఆడవాళ్ళకి తక్కువ నచ్చాయి, కారణం ఆ పని మాకు రాదు అనుకోవడం కాదు, అక్కడ మాకు చోటు లేదు అనిపించడం. దాని ఆధారంగా తయారైన మాటల లిస్టులు నెట్‌లో దొరుకుతాయి, కానీ అవి ఇంగ్లీషు మాటలకి, వాటిని తెలుగులోకి తిప్పుకుని "చురుగ్గా", "ధైర్యంగా" కనపడిన ప్రతిచోటా ఎర్ర గీత కొట్టేవాళ్ళని చూశా, అది మరీ చాదస్తం. పన్నెండు గీతలు కొట్టి ఇస్తే మీ సార్ ఒక్కటీ చదవడు.

సార్‌కి ఇచ్చే కాగితంలో గీతలు ఆరేడుకి మించకుండా చూసుకో. కుర్రాడు, వయసు పెళ్ళి కలిపి, ఫిట్, ఫ్యామిలీ ఫోటో కలిపి, యాస ఇంగ్లీషు కలిపి, బైక్, గ్యాప్. టైమ్ సంగతి, లోకల్, జీతం నువ్వు రాసిన కొత్త యాడ్‌లోనే చేరిపోతాయి. ఒక్కో దానికీ సార్ రాసిన మాట ఉన్నది ఉన్నట్టు రాయి, దాని పక్కన ఎవరు ఆగిపోతారో ఒక ముక్క, తర్వాత బదులు వాక్యం, సిద్ధంగా కాపీ చేసుకునేట్టు. ఇలాగ:

సొంత బైక్ ఉండాలి – బ్యాంకు పని వారానికి రెండుసార్లే, బండి లేని మంచి అకౌంట్స్ వాళ్ళు ఫోన్ చేయరు – "వారానికి రెండుసార్లు బ్యాంకు పని ఉంటుంది."

గ్యాప్ ఉన్నవారు అప్లై చేయొద్దు – పని వచ్చి, కాన్పుకో ఇంట్లో జబ్బుకో మానేసినవాళ్ళు పోతారు – "టాలీలో చిన్న ప్రాక్టికల్ టెస్ట్ ఉంటుంది."

మధ్యలో ఉన్న ముక్కలో వివక్ష, చట్టం, తప్పు అనే మాటలు లేవు చూడు. ఆయన రాసింది తప్పు అని మొదలుపెడితే ఆయన తన మాటని కాపాడుకునే పనిలో పడతాడు. ఎవరు రాకుండా పోతున్నారో చెప్తే అది వ్యాపారం మాట, పోయినసారి యాడ్‌కి ఎంతమంది వచ్చారు, వాళ్ళలో టాలీ నిజంగా వచ్చినవాళ్ళు ఎంతమంది అని ఒక లెక్క కూడా పక్కన పెట్టు. "కుర్రాడు" దగ్గర మాత్రం ఆయన మొండికేస్తే అప్పుడు చట్టం తీయి, అది చివరి జేబులో ఉండాలి.

ఇక్కడ నేను చేసిన ఒక వెధవ పని చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక కంపెనీలో ఉండగా "మేల్ క్యాండిడేట్స్ ఓన్లీ" అని వచ్చిన యాడ్‌ని నేనే చక్కగా దిద్ది, ఎవరినీ అడక్కుండా, అందరూ అప్లై చేయొచ్చు అని పెట్టేశా. నూజివీడు నుంచి ఒకమ్మాయి రెండు బస్సులు మారి వచ్చింది. లోపలికి పిలిచి రెండు నిమిషాల్లో "ఈ పోస్టుకి లేడీస్‌ని తీసుకోవట్లేదమ్మా" అని పంపేశారు. బయటికొచ్చి నన్ను చూసి "మరి యాడ్‌లో అలా లేదు కదా మేడమ్" అంది, ఇంకేమీ అనలేదు. ఆ రోజు పాత యాడ్ ఉండి ఉంటే ఆ అమ్మాయికి బస్సు ఛార్జీలైనా మిగిలేవి. అప్పట్నుంచి నేను మాట మార్చే ముందు మనిషిని అడుగుతా, "సార్, ఆడవాళ్ళు వచ్చి టెస్ట్ బాగా చేస్తే తీసుకుంటారా" అని, అవును అన్నాకే పెన్ను తీస్తా. నువ్వు కూడా ఆ ఒక్కటీ నోటితో అడుగు. కాదంటే యాడ్ దిద్దకు, ఆపు.

సరే, అన్నీ కలిపితే ఇలా వస్తుంది, జీతం అంకె నేను ఊరికే వేశా, నువ్వు మీది వేసుకో:

"మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో అకౌంట్స్ మరియు బిల్లింగ్ అసిస్టెంట్ కావలెను. పని: టాలీలో బిల్లులు, క్రెడిట్ నోట్లు, రోజు క్యాష్ లెక్క, జీఎస్టీ వివరాలు సిద్ధం చేయడం, బాకీల కోసం షాపులకి ఫోన్ చేయడం. టాలీ, జీఎస్టీ తెలిసి, ఏడాది నుంచి ఐదేళ్ళ అనుభవం ఉన్నవారు అప్లై చేయండి. ఫోన్లో తెలుగులో స్పష్టంగా మాట్లాడగలగాలి, ఇంగ్లీషు బిల్లులు, మెయిళ్ళు చదివి అర్థం చేసుకోగలగాలి. వేళలు 9.30 నుంచి 6.30, నెలలో 9 నుంచి 11, 18 నుంచి 20 తేదీల్లో సాయంత్రం 8 దాకా ఉండొచ్చు. వారానికి రెండుసార్లు బ్యాంకు పని. కూర్చుని చేసే పని, ఆఫీసు మొదటి అంతస్తు, లిఫ్ట్ లేదు, వికలాంగులు అప్లై చేయొచ్చు, ఏ సౌకర్యం కావాలో ముందే చెప్పండి. జీతం నెలకి 18,000 నుంచి 22,000. చిన్న ప్రాక్టికల్ టెస్ట్ ఉంటుంది, పాత ఉద్యోగం లేదా కాలేజీ నుంచి ఒక రిఫరెన్స్ ఇవ్వాలి. పేరు, ఫోన్, చదువు, అనుభవం వాట్సాప్ చేయండి, ఫోటో వద్దు."

పాతదానికన్నా పొడుగైంది కదా, పేపర్లో క్లాసిఫైడ్ వేస్తే లైన్‌కి డబ్బులు, కానీ నువ్వు పెట్టేది వాట్సాప్‌లో, అక్కడ పొడుగుకి ఖర్చు లేదు. ఏ గ్రూపుల్లో పెడుతున్నావో మాత్రం చూసుకో. బైకుల మీద తిరిగే మెడికల్ లైన్ కుర్రాళ్ళ గ్రూపు ఒక్కదాన్లోనే వేస్తే ఎంత చక్కగా రాసినా వాళ్ళే వస్తారు, యాడ్ వల్ల ఏమీ మారలేదని సార్ అంటారు. టాలీ నేర్పే ఇన్‌స్టిట్యూట్లకి, డిగ్రీ కాలేజీ ఆఫీసులకి కూడా పంపు. ఫోన్లు మొదలయ్యాక ఒక నోట్‌బుక్‌లో ఎవరు ఏ ఊరి నుంచి, ఎక్కడ చూసి చేశారో, ఏం అడిగారో రాసుకో. పది మంది ఒకే సందేహం అడిగారంటే ఆ వాక్యం ఇంకా సరిగ్గా లేదని.

కింద పెట్టే నంబర్ నీదే పెట్టు, సార్‌ది కాదు. ఇంత దిద్దాక కూడా "మేడమ్, ఆడవాళ్ళు చేయొచ్చా", "నాకు ముప్పై ఆరు, పర్లేదా" అని ఫోన్లు వస్తాయి, ఎందుకంటే వాళ్ళు ఇన్నేళ్ళూ చదివినవన్నీ పాత రకం యాడ్సే. అటు నుంచి ఆయన గొంతు "కుర్రాళ్ళయితే బాగుంటుందమ్మా" అన్నదంటే మనం ఇంతసేపు రాసుకున్నదంతా అక్కడితో సరి.